వస్తువుకొక రేటింగ్, విక్రేతకొక రేటింగ్: రిటర్న్, రీఫండ్ తీరును విడిగా అంచనా వేయడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు తిప్పి పంపడంలో, డబ్బు రాబట్టుకోవడంలో ఇబ్బంది పడిన పరిచయస్తులకు కొన్నేళ్లుగా సాయం చేస్తున్నాను. డబ్బు చేతికి వచ్చాకో, రాదని తేలాకో వాళ్లలో దాదాపు అందరూ రేటింగ్ దగ్గర తికమకపడతారు. మిక్సీ బాగుంది, అమ్మినవాళ్లు సతాయించారు, మరి ఎన్ని నక్షత్రాలు ఇవ్వాలి? పదేపదే వచ్చే ఇలాంటి సందేహాలకు నా జవాబులను ఇక్కడ దశలవారీగా పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

రీఫండ్ గొడవ వస్తువు రివ్యూలోనే రాస్తే తప్పేమిటి? డబ్బు ఇరుక్కున్నది నాదే కదా?

మీ కోపం న్యాయమైనదే కానీ, అక్కడ రాస్తే అది చేరవలసిన చోటికి చేరదు. అమెజాన్ లాంటి పెద్ద మార్కెట్‌ప్లేస్‌లలో ఒకే వస్తువు పేజీ మీద ముగ్గురు, నలుగురు విక్రేతలు అదే వస్తువును అమ్ముతుంటారు, రివ్యూలు మాత్రం అందరివీ కలిసి ఒకే కుప్పగా పడతాయి. మిమ్మల్ని సతాయించిన విక్రేత ఒకరైతే, మీరిచ్చిన ఒక్క నక్షత్రం ఆ వస్తువు తయారుచేసిన కంపెనీ మీద, దాన్ని నిజాయితీగా అమ్ముతున్న మిగతా విక్రేతల మీద పడుతుంది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన విక్రేత పేరు పక్కన ఉన్న అంకె మాత్రం కదలకుండా అలాగే ఉంటుంది.

రేపు కొనబోయేవారికి కూడా ఇది మేలు చేయదు. మిక్సీ మోటారు బలంగా ఉందా లేదా అని చూడవచ్చిన మనిషికి రీఫండ్ కథ దొరుకుతుంది. ఈ విక్రేత డబ్బు సరిగా తిరిగి ఇస్తాడా అని వెతికే మనిషి చూసేది విక్రేత పేజీ కాబట్టి, అక్కడ అతనికి మీ అనుభవం కనిపించనే కనిపించదు.

విక్రేత రేటింగ్ అసలు ఎక్కడ ఉంటుంది? నాకు వస్తువు కింద నక్షత్రాలే కనిపిస్తున్నాయి.

వస్తువు పేజీలో ధర, కొనుగోలు బటన్ దగ్గర చిన్న అక్షరాలతో `Sold by` అని, దాని పక్కన విక్రేత పేరు ఉంటుంది. ఆ పేరు మీద నొక్కితే విక్రేత పేజీ తెరుచుకుంటుంది. అమెజాన్‌లో ఆ పేజీ మీద గత 30 రోజులు, 90 రోజులు, 12 నెలలు, మొత్తం కాలం అని విడివిడిగా అంకెలు కనిపిస్తాయి. నేనైతే మొత్తం కాలం అంకెకన్నా 30 రోజుల అంకెను ముందు చూస్తాను. విక్రేత తీరు ఈ మధ్యనే చెడి ఉంటే అది ముందుగా బయటపడేది అక్కడే.

విక్రేత వివరాలు చూపించడం మార్కెట్‌ప్లేస్ ఇష్టానికి వదిలిపెట్టిన విషయం కాదు. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం విక్రేత వ్యాపార పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు, ఆ విక్రేత గురించి సేకరించిన రేటింగ్ ఏదైనా ఉంటే అది కూడా కొనేవారికి తేటగా కనిపించాలి.

98 శాతం మంచి రేటింగ్ ఉన్న విక్రేత దగ్గర కొంటే రీఫండ్ ఇబ్బంది ఉండదు కదా?

అలా అనుకోవడానికి లేదు. ఎందుకో ఒక ఊహా లెక్కతో చెబుతాను. ఒక విక్రేత దగ్గర 1,000 మంది కొని, వారంతా రేటింగ్ ఇచ్చారనుకుందాం. అందులో 950 మందికి వస్తువు నచ్చి, వేళకు అంది, వాళ్లు మంచి నక్షత్రాలు ఇచ్చారు. మిగిలిన 50 మంది రిటర్న్ పెట్టారు. ఆ 50 మందిలో 30 మందికి డబ్బు సాఫీగా వచ్చింది కనుక వాళ్లూ మంచి రేటింగే ఇచ్చారు. 20 మందిని మాత్రం నెలరోజులు తిప్పించుకున్నారు. చెడ్డ రేటింగ్ ఇచ్చినది ఈ 20 మందే కాబట్టి విక్రేతకు 98 శాతం వస్తుంది. రిటర్న్ పెట్టినవారి లెక్కలో చూస్తే అదే విక్రేత నూటికి 40 మందిని ఇబ్బంది పెట్టాడు.

అందువల్ల పై అంకె మనకు చెప్పేది ముఖ్యంగా వస్తువు వేళకు చేరిందా లేదా అన్నదే. రిటర్న్ తీరు తెలుసుకోవాలంటే ఒకటి, రెండు నక్షత్రాల అభిప్రాయాలను మాత్రమే తెరిచి, అందులో రిటర్న్, రీఫండ్, పికప్ అన్న మాటలున్నవాటిని చదవాలి. వాటిలో ఒకే ఫిర్యాదు వేర్వేరు నెలల్లో, వేర్వేరు మనుషుల నోట వస్తోందా అని గమనించండి. ఒకరిద్దరి కోపం పొరపాటు వల్ల కావచ్చు, కానీ "వాడిన వస్తువంటూ తిప్పి పంపారు" అన్న మాట ఆరుగురి దగ్గర కనిపిస్తే అది ఆ విక్రేత అలవాటు.

## రిటర్న్ పెట్టిన రోజుల్లో

తర్వాత న్యాయంగా రేటింగ్ ఇవ్వాలంటే ఇప్పుడే ఏమేమి రాసిపెట్టుకోవాలి?

ఐదు తేదీలు చాలు. రిటర్న్ అడిగిన రోజు, విక్రేత దాన్ని అంగీకరించిన రోజు, వస్తువు మీ ఇంటి గుమ్మం దాటిన రోజు, అది విక్రేత గోదాముకు చేరిన రోజు, రీఫండ్ మొదలుపెట్టామని సందేశం వచ్చిన రోజు. డబ్బు ఖాతాలో పడిన తేదీ బ్యాంకు సందేశంలో ఎలాగూ ఉంటుంది. ఈ తేదీల మధ్య రోజులను లెక్కపెడితే ఆలస్యం ఎవరి చేతిలో జరిగిందో తెలుస్తుంది. మొదటి విరామం, అంటే అడగడానికీ అంగీకారానికీ మధ్యది విక్రేతది. ఆ తర్వాతి రెండూ కొరియర్‌వి. గోదాముకు చేరిన రోజు నుంచి రీఫండ్ మొదలయ్యే రోజు దాకా ఉన్నది మళ్లీ విక్రేతదే, అసలు సతాయింపు జరిగేది ఎక్కువగా అక్కడే. చివరిది బ్యాంకుది.

తేదీలతోపాటు తెర మీద కనిపించే సందేశాలను ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. రిటర్న్ పేజీలో ఈ రోజు కనిపించే సందేశం రేపు కొత్తది వచ్చాక మారిపోతుంది, పాతది మళ్లీ దొరకదు. పికప్‌కు వచ్చిన మనిషికి పెట్టెను ఇచ్చే ముందు వస్తువునూ, దాని సీరియల్ నంబరునూ ఫొటో తీయడం కూడా అంతే అవసరం.

పగిలిన వస్తువు వచ్చింది. ఇది వస్తువు లోపమా, విక్రేత లోపమా?

పెట్టెను చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. బయటి అట్టపెట్టె మూల నలిగి లోపలికి దిగిపోయి ఉంటే దారిలో దెబ్బ తగిలినట్టు. అప్పుడు కూడా లోపల వస్తువు చుట్టూ ఏముందో చూడాలి. గాజు సీసాను ఒక్క పొర బబుల్ షీట్ చుట్టి, పెట్టెలో చేయి పట్టేంత ఖాళీ వదిలి పంపితే, పెట్టెను ఎవరు పడేసినా దాన్ని సరిగా సర్దని బాధ్యత పంపినవారిదే. బయటి పెట్టె కొత్తగా, సీలు చెక్కుచెదరకుండా ఉండి, లోపల వస్తువు పగిలి, పగిలిన ముక్క కూడా పెట్టెలో లేదంటే అది పగిలినదే పెట్టెలోకి ఎక్కిందని అర్థం. ఈ రెండు సందర్భాల్లోనూ వస్తువు రేటింగ్ జోలికి వెళ్లనవసరం లేదు.

వస్తువు రేటింగ్‌లో రాయవలసిన పగులు వేరు. చక్కగా అంది, పదిసార్లు వాడాక కుక్కర్ పిడి బీట తీసిందనుకోండి, ఆ పిడిలోని ప్లాస్టిక్ నాసిరకమని అనవచ్చు. మొదటి రోజు పగులు పంపిన తీరును చెబుతుంది, నెల తర్వాతి పగులు తయారీని చెబుతుంది. ఇది ప్రతిసారీ తప్పని నియమమని చెప్పను కానీ, ఎటూ తేలనప్పుడు నేను దీని మీదే ఆధారపడతాను.

కుర్తా సైజు సరిపోలేదు. ఎవరికి తగ్గించాలి?

రేటింగ్ ఇచ్చే ముందు టేపుతో ఒకసారి కొలవండి. కుర్తాను నేలమీద పరిచి, చంక కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా కొలిచి, రెండింతలు చేయాలి. సైజు పట్టికలో ఛాతీ చుట్టుకొలత 42 అంగుళాలని ఉంది, మీ టేపు మీద 20 అంగుళాలు వచ్చింది, అంటే చుట్టుకొలత 40. ఇది పట్టికకూ వస్తువుకూ పొంతన లేకపోవడం కనుక, ఆ రెండు అంకెలతో సహా వస్తువు రివ్యూలో రాయండి, తర్వాత కొనేవారికి అది ఎంతో ఉపయోగపడుతుంది. టేపు మీద కూడా 42 వచ్చి, మీకే బిగుతుగా అనిపిస్తే తప్పు ఎవరిదీ కాదు. ఈ రెండింటిలో ఏది జరిగినా, కుర్తాను వెనక్కి తీసుకున్న తీరుకు విక్రేత రేటింగ్ విడిగా ఇవ్వవలసిందే.

పికప్‌కు ఎవరూ రాలేదు, కానీ "కస్టమర్ ఇంట్లో లేరు" అని సందేశం వచ్చింది. విక్రేతకు ఒక నక్షత్రం ఇవ్వవచ్చా?

చాలా సందర్భాల్లో ఇవ్వకూడదు. మార్కెట్‌ప్లేస్‌లో రిటర్న్ పికప్‌ను ఎక్కువగా మార్కెట్‌ప్లేస్ నియమించిన కొరియర్ చూసుకుంటుంది, ఆ మనిషి ఏ వీధికి వెళ్లాడో విక్రేతకు తెలియదు. ఆ రోజు ఫోన్‌లో మిస్డ్ కాల్ ఏదీ లేదని చూపే కాల్ జాబితాను స్క్రీన్‌షాట్ తీసి, అదే రోజు మార్కెట్‌ప్లేస్ సహాయ విభాగానికి పంపండి. మూడుసార్లు పికప్ విఫలమైతే కొన్నిచోట్ల రిటర్న్ దానంతట అదే రద్దయిపోతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

విక్రేతే సొంత కొరియర్‌ను పంపుతున్నా, మీరే పార్సిల్ చేసి పంపాలని చెప్పినా సంగతి మారుతుంది. అప్పుడు పికప్ కూడా విక్రేత పనే కనుక, ఆ రోజులు కూడా అతని ఖాతాలోకే వెళ్తాయి.

## డబ్బు కోసం ఎదురుచూసేటప్పుడు

"రీఫండ్ ఇచ్చేశాం" అంటున్నారు, బ్యాంకులో మాత్రం పడలేదు. ఎవరు అబద్ధం చెబుతున్నారు?

చాలాసార్లు ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, డబ్బు దారిలో ఉంటుంది. దాన్ని తేల్చుకోవడానికి లావాదేవీ సంఖ్యను అడగండి. కార్డుకు తిరిగి వచ్చే డబ్బుకు ఏఆర్‌ఎన్ అనే 23 అంకెల సంఖ్య ఉంటుంది, యూపీఐ అయితే ఆర్‌ఆర్‌ఎన్ అనే 12 అంకెల సంఖ్య ఉంటుంది. డబ్బు నిజంగా బయలుదేరి ఉంటే ఈ సంఖ్య దొరుకుతుంది. దాన్ని మీ బ్యాంకుకు ఇస్తే డబ్బు ఎక్కడుందో వాళ్లు వెతికి చెప్పగలరు.

సంఖ్య ఇచ్చి, బ్యాంకు దగ్గర నాలుగు రోజులు ఆగినా ఆ రోజులను విక్రేత మీద వేయకండి. సంఖ్య అడిగిన ప్రతిసారీ "రెండు రోజుల్లో వస్తుంది" అన్న జవాబే వస్తుంటే మాత్రం రీఫండ్ మొదలుకాలేదని అనుమానించవలసిందే. విక్రేత రేటింగ్‌లో రాయదగిన విషయాల్లో ఇది ముఖ్యమైనది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రీఫండ్ ఇప్పిస్తామంటూ ఫోన్ చేసి యూపీఐ పిన్ కొట్టమంటే అది మోసం, డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు.

డబ్బుకు బదులు కూపన్ ఇచ్చారు, పైగా కొంత కోత పెట్టారు. దీన్ని ఎలా లెక్కించాలి?

కొనేముందు పేజీలో ఏం రాసి ఉందన్నదే కొలమానం. వస్తువును మార్చి ఇవ్వడమే తప్ప డబ్బు తిరిగి ఇవ్వరని ముందే స్పష్టంగా ఉంటే, దానికి ఒప్పుకునే మనం కొన్నాం, ఆ పద్ధతి నచ్చలేదని విక్రేత రేటింగ్ తగ్గించడం సరికాదు. లోపమున్న వస్తువు సంగతి మాత్రం వేరు, దాన్ని వెనక్కి తీసుకోనని అనే హక్కు విక్రేతకు లేదు. వస్తువును మళ్లీ నిల్వలో పెట్టుకున్నందుకంటూ, పేజీలో ఎక్కడా లేని "రీస్టాకింగ్ చార్జీ" రిటర్న్ తర్వాత పుట్టుకొస్తే, ఎంత కోశారో రూపాయల్లో రాయండి. "₹1,499కి ₹1,349 ఇచ్చారు, ₹150 ఎందుకు తగ్గించారో పేజీలో ఎక్కడా లేదు" అన్న ఒక్క వాక్యం పేరాడు కోపం కంటే బలంగా ఉంటుంది.

"మీరు వాడేశారు" అంటూ రిటర్న్ తిరస్కరించారు. నేను పెట్టె తెరిచి చూశాను, అంతే.

ఈ తిరస్కరణకు ఆధారం చూపమని రాతపూర్వకంగా అడగండి. నిజాయితీగా తనిఖీ చేసిన విక్రేత దగ్గర గీతల ఫొటోనో, అరిగిన భాగం ఫొటోనో ఉంటుంది. మీరు పంపేముందు తీసిన ఫొటోను, వాళ్లు పంపిన ఫొటోను పక్కపక్కన పెట్టి సీరియల్ నంబర్లు కలుస్తున్నాయో లేదో చూడండి. ఒక్కోసారి గోదాములో పెట్టెలు తారుమారై, వేరేవాళ్లు వాడిన వస్తువు మీ పేరుమీద చూపిస్తారు.

వస్తువు లోపంతో వచ్చినా, నకిలీ అయినా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి అందినా విక్రేత దాన్ని వెనక్కి తీసుకోనని అనకూడదని 2020 ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి. విపత్తులాంటి అనివార్య కారణంతో ఆలస్యమైతే మాత్రం మినహాయింపు ఉంది. నచ్చలేదని తిప్పి పంపడానికి ఈ రక్షణ వర్తించదు, అది విక్రేత విధానాన్ని బట్టి ఉంటుంది. అందుకే రేటింగ్‌లో మీరు ఏ కారణంతో రిటర్న్ పెట్టారో మొదటి వాక్యంలోనే చెప్పండి.

## రేటింగ్ రాసేటప్పుడు

ఒక నిజమైన రిటర్న్‌ను తీసుకుని, రెండు రేటింగులూ ఎలా ఇవ్వాలో చూపిస్తారా?

మా ఇంటి మిక్సీ సంగతే చెబుతాను. విక్రేత పేరు ఇక్కడ అవసరం లేదు. ₹3,249 పెట్టి కొన్న మిక్సీ మార్చి 8న వచ్చింది. పెద్ద జార్ మూత అంచు వేలెడంత పొడవున చీలి ఉంది, బయటి పెట్టె మాత్రం బాగానే ఉంది. 9న రిటర్న్ పెట్టాను, 10న అంగీకరించారు. పికప్ మనిషి ఒకసారి రాకుండానే వచ్చినట్టు నమోదు చేసి, చివరికి 15న తీసుకెళ్లాడు. 18న గోదాముకు చేరింది. 22న "వాడిన వస్తువు" అన్నారు. నేను ఫొటోలు పంపితే 24న ఒప్పుకున్నారు, అయినా రీఫండ్ మొదలుపెట్టింది 31న. ఏప్రిల్ 2న డబ్బు పూర్తిగా ఖాతాలో పడింది.

అడిగిన రోజు నుంచి మొత్తం 24 రోజులు. అందులో మొదటి ఒక రోజు, గోదాముకు చేరిన తర్వాతి 13 రోజులు, కలిపి 14 రోజులు విక్రేతవి. కొరియర్ చేతిలో గడిచినవి 8, బ్యాంకులో 2. కోపంలో ఉన్నప్పుడు 24 రోజులూ విక్రేతవే అనిపించాయి, కాగితం మీద పెట్టాకే విడిపోయాయి. అయినా ఆ 14లో చివరి వారానికి, అంటే తప్పు తమదేనని ఒప్పుకున్న తర్వాత కూడా డబ్బు పంపకుండా కూర్చున్న రోజులకు, ఏ కారణమూ చెప్పలేదు.

విక్రేతకు నేను రెండు నక్షత్రాలిచ్చి ఇలా రాశాను: "మూత చీలిన మిక్సీని తిప్పి పంపాను. వస్తువు మీకు చేరాక రీఫండ్ మొదలవడానికి 13 రోజులు పట్టింది. మొదట వాడిన వస్తువన్నారు, ఫొటోలు చూశాక ఒప్పుకున్నారు. ఆ తర్వాత కూడా వారం ఆపారు. డబ్బు కోత లేకుండా వచ్చింది." ఒక నక్షత్రం ఎందుకు ఇవ్వలేదంటే, మొత్తం డబ్బు వచ్చింది, ఫొటోలు చూసి మాట మార్చుకునేంత నిజాయితీ చూపారు.

మిక్సీకి అప్పుడు ఏ రేటింగూ ఇవ్వలేదు, ఎందుకంటే దాన్ని నేను ఒక్కసారి కూడా తిప్పలేదు. అదే మోడల్ వేరే విక్రేత దగ్గర తెప్పించి, మూడు నెలలు ఇడ్లీపిండి, కొబ్బరి పచ్చడి, మసాలాలు రుబ్బాక నాలుగు నక్షత్రాలిచ్చాను. తగ్గించిన ఒక్క నక్షత్రం చిన్న జార్ మూత బిగుతు సరిపోక పచ్చడి కారుతున్నందుకు. అందులో రీఫండ్ ఊసు లేదు.

వస్తువు నాసిరకం, కానీ రీఫండ్ రెండు రోజుల్లో వచ్చింది. వస్తువుకు ఒక నక్షత్రం ఇవ్వాలంటే మనసు ఒప్పడం లేదు.

ఆ కృతజ్ఞతను విక్రేత రేటింగ్‌లో ఐదు నక్షత్రాలుగా చూపించండి, అతనికి అది నిజంగా పనికొస్తుంది. వస్తువుకు మాత్రం అది ఎలా ఉందో అలాగే ఇవ్వాలి. వారంలో అట్ట ఊడిన చెప్పులకు "రీఫండ్ వెంటనే ఇచ్చారు" అని నాలుగు నక్షత్రాలిస్తే, వాటిని కొన్న తర్వాతి పదిమందీ చెప్పులు తిప్పి పంపే శ్రమ పడవలసి వస్తుంది. ఆ రిటర్న్‌ల ఖర్చు కూడా మీరు మెచ్చుకున్న ఆ విక్రేత మీదే పడుతుంది.

వస్తువు మార్కెట్‌ప్లేస్ గోదాము నుంచే వచ్చింది. అప్పుడు విక్రేతకు రేటింగ్ ఇవ్వడంలో అర్థం ఉందా?

తక్కువే. `Fulfilled by Amazon` అని ఉన్న ఆర్డర్లలో నిల్వ, ప్యాకింగ్, డెలివరీ, రిటర్న్ స్వీకరించడం అన్నీ ఆ సంస్థే చూసుకుంటుంది. అలాంటి ఆర్డరుపై డెలివరీ గురించి విక్రేత రేటింగ్‌లో ఫిర్యాదు రాస్తే, అమెజాన్ ఆ మాటలను కొట్టివేసినట్టు గీత గీసి, బాధ్యత తమదేనని కింద రాస్తుంది, విక్రేత లెక్కలోకి అది చేరదు. అందువల్ల ఇలాంటి ఆర్డరులో విక్రేతను వస్తువు అసలుదా కాదా, వివరణ నిజమా కాదా అన్న విషయాల్లో మాత్రమే అంచనా వేయగలం. రీఫండ్ తీరు మీద చెప్పవలసింది మార్కెట్‌ప్లేస్ సహాయ విభాగం పంపే అభిప్రాయ సేకరణలో చెప్పాలి.

నేను రాసిన రివ్యూ తీసేశారు. నిజమే రాశాను కదా?

నిజం రాసినా చోటు తప్పితే తీసేస్తారు. అమెజాన్‌లో వస్తువు రివ్యూలో విక్రేత గురించి, డెలివరీ గురించి రాయడం నిబంధనలకు విరుద్ధం. విక్రేత అభిప్రాయంలో పూర్తిగా వస్తువు గురించే రాస్తే, విక్రేత కోరినప్పుడు దాన్ని కూడా తొలగిస్తారు. ఇది అనుభవజ్ఞులైన విక్రేతలకు బాగా తెలుసు. "మూత పగిలింది, చెత్త మిక్సీ, డబ్బూ ఇవ్వలేదు" అని అన్నీ కలిపి రాస్తే మీ మాట రెండుచోట్లా బలహీనపడుతుంది. రిటర్న్ మాటలను విక్రేత దగ్గర, వస్తువు మాటలను వస్తువు దగ్గర తిరిగి రాయండి.

కొరియర్ మనిషి పేరు, ఫోన్ నంబరు, విక్రేతను దొంగ అనడం లాంటివి ఉన్నా తొలగిస్తారు. అమెజాన్‌లో విక్రేత అభిప్రాయానికి ఆర్డరు తేదీ నుంచి 90 రోజుల గడువుంది, కాబట్టి రీఫండ్ సాగుతూ పోతుంటే గడువు దాటకముందే అప్పటిదాకా జరిగింది రాయండి.

విక్రేత ఫోన్ చేసి, రేటింగ్ తీసేస్తేనే రీఫండ్ ఇస్తానంటున్నారు. ఏం చేయాలి?

తీసేయకండి. డబ్బు మీకు రావలసి ఉంటే అది రేటింగ్‌తో ముడిపడకుండానే రావాలి. ఆ మాటను ఫోన్‌లో కాకుండా మార్కెట్‌ప్లేస్ సందేశాల పెట్టెలో చెప్పమని అడగండి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. రాసి పంపితే ఆ సందేశాన్నే జోడించి మార్కెట్‌ప్లేస్‌కు ఫిర్యాదు చేయండి, రేటింగ్ కోసం బేరం పెట్టడం పెద్ద మార్కెట్‌ప్లేస్‌ల విక్రేత నిబంధనలకు విరుద్ధం. డబ్బు వచ్చాక, మార్చే వీలుంటే జరిగిన బేరాన్ని కూడా కలిపి రేటింగ్‌ను సవరించవచ్చు.

## రేటింగ్ ఇచ్చిన తర్వాత

చెడ్డ రేటింగ్ ఇచ్చాను. ఇక డబ్బు వస్తుందా?

రేటింగ్ ఫిర్యాదు కాదు, దానికి ఎవరూ జవాబివ్వనవసరం లేదు. డబ్బు కావాలంటే మార్కెట్‌ప్లేస్ గ్రీవెన్స్ అధికారికి, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, విడిగా రాయాలి. ఆ అధికారి పేరు, సంప్రదించే వివరాలు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి అని నియమాలు చెబుతున్నాయి. అక్కడ పని జరగకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు, తెలుగులో కూడా మాట్లాడవచ్చు.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, విక్రేత ఢిల్లీలో ఉన్నా సూరత్‌లో ఉన్నా మీరు అక్కడికి వెళ్లనవసరం లేదు. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువుంటుంది, వస్తువుకు చెల్లించింది ₹5 లక్షల లోపు అయితే దాఖలు రుసుము లేదు. రేటింగ్ కోసం రాసిపెట్టుకున్న తేదీలూ, స్క్రీన్‌షాట్లూ ఇక్కడ సాక్ష్యాలుగా పనికొస్తాయి.

రేటింగ్ ఇచ్చిన వారానికి డబ్బు వచ్చేసింది. ఇప్పుడు మార్చాలా?

మార్చే వీలుంటే మార్చండి, కానీ చెరిపేయకండి. "రీఫండ్ ఇవ్వలేదు" అన్న మాట ఇప్పుడు నిజం కాదు కాబట్టి దాన్ని అలాగే ఉంచడం విక్రేతకు అన్యాయం. డబ్బు వచ్చిన తేదీని చేర్చి, "మొత్తం 31 రోజులకు వచ్చింది, మూడుసార్లు రాశాక" అని ఉన్నదున్నట్టు సవరించండి. ఒక నక్షత్రాన్ని రెండో మూడో చేయవచ్చు. ఐదు చేస్తే మాత్రం ఆ 31 రోజులు జరగనట్టే అవుతుంది, అదే విక్రేత దగ్గర రేపు రిటర్న్ పెట్టబోయే మనిషికి ఎన్ని రోజులు ఆగవలసి రావచ్చో తెలియకుండా పోతుంది.